తప్పు నాది కాదు, నా రాశిది

బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసు. ఉదయం పదింబావు అయింది. గుంటూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయి, పేరు లావణ్య అనుకుందాం, ఇంకా రాలేదు. మంగళగిరి దగ్గర ట్రాఫిక్ అని ఈ వారంలో ఇప్పటికే రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పడానికి నోరు రాక ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక మీమ్ పడేసింది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన మన బ్రహ్మానందం ముఖం, కాలు మీద కాలు వేసుకున్న ఫోటో. పైన "మీటింగ్ తొమ్మిదిన్నరకి" అని, కింద "లియో వాళ్ళు: మేమొచ్చాకే సభ మొదలు" అని రాసుంది. నిమిషంలో నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. టీమ్ లీడర్ "సభ అయిపోయింది తల్లీ, ఏం మాట్లాడుకున్నామో రాసిపెట్టే పని నీకే" అని జవాబిచ్చాడు.

ఇక్కడ జరగాల్సిందంతా జరిగిపోయింది. తాను లేటని ఆ అమ్మాయి ఒప్పుకుంది. చివాట్లు పడ్డాయి, చిన్న శిక్ష కూడా పడింది. కానీ ఎవరి మొహమూ మాడలేదు. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి "సూర్యుడు సింహంలో ఉండగా పుడితే బస్సు తప్పిపోతుందా?" అని అడిగితే అందరూ అడిగినవాళ్ళనే వింతగా చూస్తారు. నమ్మకం లేదు, అయినా ఆట సాగుతుంది. ఈ రెండూ ఒకేచోట ఎలా ఇముడుతున్నాయో తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క తేల్చాలి: లావణ్యది అసలు ఏ రాశి?

ఆమె 2001 ఆగస్టు 4న, రాఖీ పౌర్ణమి నాడు, మధ్యాహ్నం పుట్టిందనుకుందాం. మీముల లెక్కలో జులై 23 నుంచి ఆగస్టు 22 దాకా పుట్టినవాళ్ళు లియో, అంటే సింహం. అదే తేదీకి మన పంచాంగం తిప్పితే సూర్యుడు ఇంకా కర్కాటకంలోనే ఉంటాడు. సింహంలోకి వచ్చేది ఆగస్టు నడిమికి. ఈ తేడా మనవాళ్ళకి కొత్తదేం కాదు, పేరు పెట్టి చెప్పుకోం అంతే. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా నడుస్తుంది. అంటే ఆ నెలంతా సూర్యుడు ధనుస్సులో ఉన్నాడనేగా. మకరంలోకి వెళ్ళేది జనవరి 14, 15 తేదీల్లో, సంక్రాంతికి. మీములేమో డిసెంబరు 22 నుంచే మకరం అంటాయి. పాశ్చాత్యులు రాశిచక్రాన్ని మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు నుంచి లెక్కపెడతారు, మనం నక్షత్రాల్ని పట్టుకుని లెక్కపెడతాం. రెండు లెక్కల మధ్య ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల ఎడం ఉంది. దానికి అయనాంశ అని పేరు. అందుకే మీముల ప్రకారం లియో అనుకునేవాళ్ళలో ఎక్కువమంది పంచాంగం ప్రకారం కర్కాటక సూర్యులు.

అయితే తెలుగింట్లో "మీ రాశేంటి?" అంటే సూర్యుణ్ణి ఎవరూ అడగరు. అడిగేది చంద్రుణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం చంద్రుడు శ్రవణా నక్షత్రంలో ఉన్నాడు కాబట్టి లావణ్యది మకర రాశి. ఇది చాలదన్నట్టు, పుట్టిన సమయం రాసిపెట్టుకోని ఇళ్ళలో పేరు మొదటి అక్షరంతో చూస్తారు. చు, చే, చో, లా అశ్వినీ నక్షత్రపు అక్షరాలు. ఆ లెక్కన లావణ్య మేష రాశి. ఒక్క మనిషి, నాలుగు రాశులు. ఆఫీసులో సింహం, సూర్యుడి లెక్కన కర్కాటకం, ఇంట్లో మకరం, పేరుకి మేషం.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి గొడవపడిన సందర్భం ఆమె జీవితంలో వచ్చి ఉండదు. ఏ రాశి ఎక్కడ వాడాలో అందరికీ తెలుసు. కుర్రకారు మాటల్ని కాస్త చెవిపెట్టి వింటే ఈ పంపకం తెలిసిపోతుంది. స్వభావం గురించైతే ఇంగ్లీషు పేరు వాడతారు: "వాడు స్కార్పియోరా, మర్చిపోడు", "నేను లిబ్రా, ఏ చీర కొనాలో తేల్చుకోలేను". కష్టసుఖాల గురించైతే తెలుగు పేరు వస్తుంది: "మకరానికి ఏలినాటి శని వదిలింది, ఇంక ఉద్యోగం చూసుకోవచ్చు అంటోంది అమ్మమ్మ". ఒకటి మనిషి తీరుకి, ఇంకొకటి మనిషి రాతకి. నిజంగా నమ్మేవాళ్ళయితే నాలుగింట్లో ఏది సరైనదో తేల్చుకునేదాకా ఊరుకోరు. ముహూర్తం పెట్టుకునేటప్పుడు ఒకటికి రెండు పంచాంగాలు తిరగేసేది అందుకే. మీమ్ పంపేవాళ్ళు ఆ పని చెయ్యరు. తేల్చుకోవాలన్న ఆలోచనే రాకపోవడం ఇది నమ్మకం కాదనడానికి మొదటి ఆనవాలు.

సూర్యుడి రాశి ఇంతగా పాకడానికి కారణం కూడా మామూలుదే. 1930లో లండన్‌లో సండే ఎక్స్‌ప్రెస్ పత్రికలో నేలర్ అనే జ్యోతిష్కుడు అప్పుడే పుట్టిన రాకుమారి మార్గరెట్ జాతకం రాశాడు. అది బాగా ఆడింది. తర్వాతి ఏళ్ళలో పత్రికల్లో 12 రాశుల శీర్షికలు పుట్టుకొచ్చాయి. చంద్ర రాశి కావాలంటే పుట్టిన సమయం కావాలి, గణితం కావాలి. సూర్య రాశికి పుట్టినరోజు చాలు, అది ఎవరికైనా గుర్తుంటుంది. లక్షలమంది చదివే పేజీకి ఇంతకంటే వీలైంది దొరకదు. మీముకీ అంతే.

నమ్మకుండా పాలుపంచుకోవడం మనకి ఫోన్లతో వచ్చింది కాదు. ఉగాది నాడు ఇంద్రకీలాద్రి మీద గానీ, వీధి చివరి రామాలయంలో గానీ పంచాంగ శ్రవణం వినేవాళ్ళని గుర్తుతెచ్చుకోండి. రాశికో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఆ అంకెలు చదువుతుంటే జనం పక్కవాళ్ళని మోచేత్తో పొడుస్తారు. 2024 ఏప్రిల్ 9న మొదలైన క్రోధి నామ సంవత్సరాన్నే తీసుకుందాం. సింహానికి ఆదాయం 2, వ్యయం 14 వచ్చాయి. ఆ సాయంత్రానికే ఖాళీ పర్సు పట్టుకున్న సినిమా హాస్యనటులంతా ఫోన్లలో తిరిగారు. బీసెంటు రోడ్డులో జీతం ఖర్చుపెట్టి వచ్చినవాళ్ళకి ఏడాదంతా చెప్పుకోవడానికి ఒక సాకు దొరికింది.

ఆ 2 ఎక్కడిది? దాని వెనక గట్టి లెక్కే ఉంది. ఉగాది ఏ వారం వస్తే ఆ వారానికి అధిపతి ఆ ఏటికి రాజు. 2024లో మంగళవారం కాబట్టి కుజుడు. గ్రహాలకి ఇన్నేసి ఏళ్ళని పంచే అష్టోత్తరీ దశ లెక్కలో కుజుడికి 8 ఏళ్ళు, సింహానికి అధిపతి అయిన రవికి 6 ఏళ్ళు. రెండూ కలిపితే 14. దాన్ని 3తో గుణిస్తే 42, 5 కలిపితే 47, 15తో భాగిస్తే మిగిలేది 2. ఆదాయం 2 అంటే ఇదీ. 3తో గుణించి 5 కలిపి 15తో భాగించడం వల్ల ఏ ఏడాదైనా, ఏ రాశికైనా శేషం 2, 5, 8, 11, 14లలో ఒకటే వస్తుంది. వేరే అంకె రావడానికి దారే లేదు. ఒకే అధిపతి ఉన్న రాశులకి ఆదాయం కచ్చితంగా ఒకటే. మేషం, వృశ్చికం రెండూ కుజుడివే కాబట్టి ఆ ఏడాది రెండింటికీ 8. మీముల్లో మేషం తొందరపాటు మనిషి, వృశ్చికం లోపల దాచుకునే మనిషి. పంచాంగం లెక్కలో ఇద్దరి పర్సూ ఒకటే.

ఇప్పుడు లావణ్య నాలుగు రాశులకీ ఆ ఏటి అంకెలు చూద్దాం. సింహానికి ఆదాయం 2, వ్యయం 14. కర్కాటకానికి ఆదాయం 14, వ్యయం 2, అంటే సరిగ్గా తిరగేసినట్టు. మకరానికి 14, 14. మేషానికి 8, 14. నిజంగా నమ్మి బడ్జెట్టు వేసుకోవాల్సి వస్తే ఆ అమ్మాయి ఏది చూసుకోవాలి? వేసుకోదు. నవ్వొచ్చే అంకెని ఎంచుకుని ఫార్వర్డ్ చేస్తుంది. ఆ లెక్క కట్టిన సిద్ధాంతుల శ్రమ మీద గౌరవం ఉంచుకునే ఈ మాట చెప్పాలి: గుడిలో కూర్చుని విన్నవాళ్ళలో చాలామందికి ఆ అంకెలు పండగలో భాగం. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదుని జీవితం మీద జోస్యంగా ఎవరూ తీసుకోరు కదా, ఇదీ అలాంటిదే.

అంకెల సంగతి అలా ఉంచి స్వభావాల దగ్గరికి వస్తే అసలు చిక్కు ఇక్కడే ఉంది. "అరే, ఇది అచ్చం నేనే" అన్న అనుభూతి నిజంగానే కలుగుతుంది. దాన్ని కొట్టిపారేయడం తప్పు. అది ఎలా పుడుతుందో 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు తన క్లాసులోనే చూపించాడు. 39 మంది విద్యార్థులకి ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. వారం తర్వాత ఒక్కొక్కరికీ పేరు రాసి, "ఇదీ నీ స్వభావం" అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 0 నుంచి 5 లోపు మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తర్వాత తెలిసిందేమంటే అందరి కాగితమూ ఒకటే. అందులో వాక్యాలు ఎక్కువగా బజారులో అమ్మే ఒక జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరి పెట్టినవి. నలుగురూ మెచ్చుకోవాలని నీకుంటుంది, కానీ నిన్ను నువ్వే ఎక్కువ తప్పుపట్టుకుంటావు. ఒక్కోసారి నలుగురిలో కలిసిపోతావు, ఒక్కోసారి ముడుచుకుపోతావు. ఈ ధోరణి మాటలే అన్నీ.

ఆ వాక్యాల్లో కిటుకు రెండు వైపులా తలుపు తెరిచి ఉంచడం. మీముల్లో ఇంకో కిటుకు కలుస్తుంది: మీమ్ లక్షణం చెప్పి ఊరుకుంటుంది, ఉదాహరణ మనం వెతికి పెడతాం. "క్యాన్సర్ వాళ్ళు పాత చాట్‌లు చదువుకుని ఏడుస్తారు" అన్న మాట చూడగానే పోయిన నెల రాత్రి రెండింటికి స్క్రోల్ చేసుకుంటూ కూర్చున్న సంగతి గుర్తొస్తుంది. రుజువు మనది, పేరు రాశిది. చదవకుండా నిద్రపోయిన మిగిలిన 29 రాత్రులు ఆ క్షణంలో గుర్తురావు. ఇది పట్టుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. 12 రాశులకీ 12 అలవాట్లు రాసిన ఏదో ఒక మీమ్ తీసుకుని, రాశుల పేర్లు కత్తిరించేసి, అలవాట్లు మాత్రం స్నేహితులకి చూపించి ఎవరిది వాళ్ళని ఏరుకోమనాలి. గుడ్డిగా ఏరినా 12 మందిలో ఒకరికి సరిపోతుంది, కాబట్టి ఒకటి రెండు తగలడంలో విశేషం లేదు. ఎక్కువమంది మూడు నాలుగు అలవాట్ల దగ్గర ఆగిపోయి "ఇవన్నీ నేనే" అనడం చూస్తే సంగతి అర్థమవుతుంది. లేటుగా రావడం, జవాబివ్వకపోవడం, అతిగా ఆలోచించడం, ఆకలేస్తే కోపం రావడం, వీటిలో ఒకటైనా లేని మనిషి ఎక్కడున్నాడు?

అయితే సరిపోయినట్టు అనిపించడం ఒక్కటే కారణమైతే ఈ ఆట నెల రోజుల్లో పాతబడేది. పాతబడలేదంటే అది మాటల్లో ఏదో పని చేసిపెడుతోంది. ఆ పని మన ఊళ్ళలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. "ఏం చేస్తాం, లియోని కదా" అన్నప్పుడు ఆ మాట వెనక ఒక ఒప్పుకోలు ఉంది: నాలో ఈ లోపం ఉంది, నాకు తెలుసు, మీకు తెలుసని కూడా తెలుసు. సూటిగా క్షమాపణ అడగడం మన దగ్గర బరువైన పని. తోటివాళ్ళ మధ్య "సారీ" అన్నా అది ఏదో మొక్కుబడిగా ఉంటుంది. "క్షమించండి" అంటే నాటకంలా ఉంటుంది. మధ్యలో వాడుకోవడానికి ఒక మాట కావాలి. రాశి ఆ మాట ఇస్తుంది. ఎదుటివాళ్ళకీ వెసులుబాటే. "నువ్వెప్పుడూ ఇంతే" అనాల్సిన చోట "మీ స్కార్పియోలందరూ ఇంతేనా" అంటే అదే దెబ్బ మెత్తగా తగులుతుంది.

ఇదే పని చేసే పాత మాటలు మనకి చాలా ఉన్నాయి. గుంటూరు మనిషి గొంతు పెంచితే "కారం తిన్న నోరు కదా" అంటారు. మేలో బెజవాడ వాళ్ళు చిరాకుపడితే "ఎండ దెబ్బ" అంటారు. వాటికీ రాశి మీముకీ ఒక తేడా ఉంది. ఆ తేడాలోనే మీమ్ బలమంతా ఉందని గట్టిగా చెప్పొచ్చు. మన దగ్గర కొత్త మనిషి గురించి తెలుసుకోవడానికి వేసే ప్రతి ప్రశ్నా ఎక్కడికో దారి తీస్తుంది. ఇంటిపేరు అడిగితే కులం దగ్గరికి. ఏ ఊరు, ఊళ్ళో ఏ వైపు అని అడిగితే మళ్ళీ అక్కడికే. గోత్రం సరేసరి. ఏ కాలేజీ, ఏ ర్యాంకు అంటే తండ్రి స్థోమత దగ్గరికి. బ్రాడీపేట హాస్టల్లో గది పంచుకునే నలుగురు అమ్మాయిలు మొదటిరోజు ఒకరినొకరు ఏమని అడగాలి? "నీ సైన్ ఏంటి?" అన్నది అడిగినవాళ్ళకి మచ్చ రాని, చెప్పినవాళ్ళకి బాధ లేని ప్రశ్న. ఏ ఇంట్లో పుట్టినా ఏదో ఒక నెలలోనే పుడతారు. ఏ కులంలోనైనా, ఏ మతంలోనైనా 12 రాశులవాళ్ళూ ఉంటారు. పుట్టుకతో వచ్చినా ఎక్కువతక్కువలు తేని గుర్తు ఇదొక్కటే. దాన్ని పట్టుకుని ఒకరినొకరు ఆటపట్టించుకోవచ్చు, గుంపులు కట్టొచ్చు, "మన వర్గో వాళ్ళం" అనుకోవచ్చు, ఎవరికీ గాయం కాదు. ఇందులో నమ్మకం వచ్చి చేరితేనే ఇబ్బంది. నమ్మితే కొన్ని రాశులు ఎక్కువవుతాయి, కొన్ని తక్కువవుతాయి, ఆ సమానత్వం చెడిపోతుంది.

ఆట ఆటగానే ఉండిపోతుందా అంటే కొంచెం మరక అంటుకుంటుంది. దీనికి మంచి ఉదాహరణ బ్రిటన్‌లో 1978లో వచ్చిన ఒక పరిశోధన. జెఫ్ మేయో అనే జ్యోతిష్కుడు, హాన్స్ ఐసెంక్ అనే పేరున్న మనస్తత్వవేత్త, ఇంకొకరు కలిసి రెండువేలమందికి పైగా జనాన్ని వ్యక్తిత్వ ప్రశ్నలు అడిగి పుట్టిన రాశులతో పోల్చారు. మేషం, మిథునం, సింహం ఇలా బేసి రాశులవాళ్ళు కాస్త ఎక్కువ కలుపుగోలుగా, సరి రాశులవాళ్ళు కాస్త ముభావంగా తేలారు. జ్యోతిష్యం చెప్పేది కూడా సరిగ్గా అదే. అప్పట్లో అది పెద్ద వార్త. తర్వాత లోతుగా చూస్తే బయటపడింది వేరే: తమ రాశి గురించి ఏమంటారో ముందే తెలిసినవాళ్ళలోనే ఆ తేడా కనిపిస్తోంది. తెలియనివాళ్ళలో ఏమీ లేదు. "నువ్వు నలుగురిలో కలుస్తావా?" అన్న ప్రశ్నకి, మేషం అంటే చురుకైనవాళ్ళని ఏళ్ళ తరబడి విన్న మనిషి అవునని ఒక గీత ఎక్కువ పెడతాడు. ఐసెంక్ కూడా చివరికి ఆ వివరణకే వచ్చాడు. కాబట్టి మీమ్ మనిషిని మార్చకపోయినా, మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటని కొద్దిగా వంచుతుంది. పదేళ్ళుగా "లియోలు లేటు" అని నవ్విన అమ్మాయికి అలారం ఒక పావుగంట ముందుకి జరుపుకోవాలన్న ఆలోచన ఆలస్యంగానే వస్తుంది.

నిజమైన ప్రమాదం ఉన్నది మాత్రం ఇంకోచోట. అదే లావణ్యకి సంబంధాలు చూడటం మొదలెడితే లియో మాట ఎవరికీ పట్టదు. మకరమా, శ్రవణమా, కుజదోషం ఉందా అన్నదే ముందుకొస్తుంది. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి గండం, ఆశ్లేషలో పుడితే అత్తగారికి గండం అన్న మాటలతో ఎన్ని సంబంధాలు వాకిట్లోంచే వెనక్కి వెళ్ళాయో మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి తెలుసు. అక్కడ పుట్టిన గడియని ఎవరూ నవ్వడానికి వాడరు. ఒక ఆడపిల్లని తిప్పి పంపడానికి వాడతారు. పొద్దున ఆఫీసులో స్కార్పియో మీములకి నవ్విన అన్నయ్యే సాయంత్రం "జాతకాలు కలవలేదట" అని ఫోన్ పెట్టేస్తాడు. అది అతనికి పరస్పర విరుద్ధంగా అనిపించదు. రెండూ వేరే గదులు కాబట్టి.

ఏ గదిలో ఉన్నామో తెలుసుకోవడానికి ఆనవాళ్ళు ఉన్నాయి. మీమ్ ఎప్పుడూ పని అయ్యాక వస్తుంది. లేటయ్యాక, కోప్పడ్డాక, డబ్బు ఖర్చయ్యాక. పని కాకముందే రాశి వచ్చిందంటే, "వాడు జెమిని, వాడికి ఈ ప్రాజెక్టు ఇవ్వద్దు" అని ఎవరైనా అన్నారంటే, ఆట దాటిపోయింది. ఎవరి గురించి ఎవరంటున్నారన్నదీ చూడాలి. తన రాశిని తాను ఎగతాళి చేసుకునేవాళ్ళు తప్పు ఒప్పుకుంటున్నారు. ఎదుటివాళ్ళ రాశిని పదేపదే ఎత్తేవాళ్ళు వాళ్ళకి చెప్పుకునే అవకాశం లేకుండా చేస్తున్నారు. ఏ వాదనకైనా జవాబుంటుంది గానీ "నువ్వు పుట్టిందే అలా" అన్నదానికి జవాబుండదు. చేతులెత్తే, సామాన్లు విసిరే మనిషికి ఇంట్లోవాళ్ళు "ఏరీస్ కదా, అంతే" అని సర్దిచెబుతుంటే ఆ మీమ్ దెబ్బలకి ముసుగైపోయిందని తెలుసుకోవాలి.

బెంజి సర్కిల్ ఆఫీసులో సంగతి అంత దూరం పోలేదు. మర్నాడు లావణ్య తొమ్మిదీ ఇరవైకే వచ్చి కూర్చుంటే, పక్క సీటు కుర్రాడు గడియారం కేసి, ఆమె కేసి మార్చి మార్చి చూసి "ఏంటక్కా, రాశి మార్చుకున్నావా?" అన్నాడు. "మార్చలేదు రా, పొద్దున ఏడున్నర బస్సుకి ఎక్కా" అంది ఆమె, సిస్టమ్ ఆన్ చేసుకుంటూ.